ముందు అధికార పరిధా, ముందు ఉత్తర్వా? ఆర్బిట్రేషన్ మూట్‌లో రెండు వాదనల ముడి

అంతర్జాతీయ వాణిజ్య ఆర్బిట్రేషన్ మూట్ పోటీల్లో న్యాయ విద్యార్థులకు తరచూ ఎదురయ్యే ఒక చిక్కు ఉంది. తుది తీర్పు వచ్చేదాకా ఆగితే వివాదంలోని సరుకే చేజారిపోతుంది కాబట్టి వెంటనే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వాలని వాది అడుగుతాడు. అసలు ఈ వివాదాన్ని విచారించే అధికారమే ఈ ట్రిబ్యునల్‌కు లేదని ప్రతివాది అంటాడు. ఈ రెండింటినీ వేర్వేరు అంశాలుగా తయారుచేసుకుని, ఒకదాని తర్వాత ఒకటి అప్పజెప్పే జట్లు చాలానే ఉంటాయి. నిజానికి ఒక వాదనలో వాడిన వాస్తవం రెండో వాదనలో ఎదురు తిరగవచ్చు. వాది ‘అత్యవసరం’ అని ఎంత గట్టిగా చెబితే, కొన్ని సందర్భాల్లో అధికార పరిధిపై అతని జవాబు అంత బలహీనపడుతుంది. ఈ ముడి ఎక్కడ పడుతుందో, ఎలా విప్పాలో ఒక నమూనా సమస్య ద్వారా చూద్దాం.

వేదిక, నియమాలు

ఈ రంగంలో అన్నిటికన్నా పేరున్నది విల్లెం సి. విస్ మూట్. 1993-94లో వియన్నాలో మొదలైంది. 2003-04 నుంచి హాంకాంగ్‌లో ‘విస్ ఈస్ట్’ పేరుతో సోదర పోటీ కూడా జరుగుతోంది. అక్టోబరులో సమస్య విడుదలవుతుంది. డిసెంబరులో వాది తరఫున, జనవరిలో ప్రతివాది తరఫున లిఖిత వాదనలు దాఖలు చేయాలి. మౌఖిక వాదనలు వసంతకాలంలో జరుగుతాయి. తొలి దశలో ప్రతి జట్టూ నాలుగు సార్లు వాదిస్తుంది: రెండుసార్లు వాదిగా, రెండుసార్లు ప్రతివాదిగా. అంటే ఏ పక్షాన్నీ నమ్ముకుని కూర్చోవడం కుదరదు. జట్టుకు ముప్పై నిమిషాలు, ఇద్దరు వక్తలు. సాధారణంగా ఒకరు ప్రక్రియకు సంబంధించిన అంశాలు, మరొకరు ఒప్పందానికి సంబంధించిన అంశాలు పంచుకుంటారు. కాబట్టి అధికార పరిధి, మధ్యంతర ఉపశమనం రెండూ ఒకే వక్త భుజాన పడితే అతనికి ఉండేది పదిహేను నిమిషాలే. అందులోనే ముగ్గురు ఆర్బిట్రేటర్ల ప్రశ్నలకూ జవాబివ్వాలి.

సమస్యలన్నీ మెడిటెరేనియో, ఈక్వటోరియానా, డాన్యూబియా వంటి కల్పిత దేశాల్లో సాగుతాయి. ఆర్బిట్రేషన్ స్థానం సాధారణంగా డాన్యూబియా. అక్కడి చట్టం ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంస్థ, అంటే అన్‌సిట్రాల్, రూపొందించిన మోడల్ లా. 2006 సవరణలతో సహా ఆమోదించిన రూపం అది. భారత విద్యార్థులు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే. మన 1996 చట్టం మోడల్ లా ఆధారంగా వచ్చినదే అయినా, 2006 సవరణలను అది యథాతథంగా తీసుకోలేదు.

నమూనా సమస్య

కొనుగోలుదారు ఈక్వటోరియానాలోని టీకాల తయారీ సంస్థ. అమ్మకందారు మెడిటెరేనియోలోని యంత్రాల సంస్థ. నాలుగు ఫ్రీజ్ డ్రయర్లను కొనుగోలుదారు కొలతల ప్రకారం తయారుచేసి, 2025 జనవరి 15న అప్పగించాలన్నది ఒప్పందం. ధర 80 లక్షల డాలర్లు. అందులో 40 లక్షలు ముందే చెల్లించారు. జనవరి 6న అమ్మకందారు ఈమెయిల్ పంపాడు. ఉక్కు ధరలు పెరిగాయి, మరో 12 లక్షలు ఇస్తేనే యంత్రాలు కదులుతాయి అన్నది సారాంశం. కొనుగోలుదారు జనవరి 9న వివాద నోటీసు ఇచ్చాడు. జనవరి 13న ఇరవై అయిదు నిమిషాల వీడియో కాల్ జరిగింది. ‘12 లక్షల్లో ఒక్క డాలరు కూడా తగ్గం’ అని అమ్మకందారు ప్రతినిధి చెప్పాడు. అవే యంత్రాలను ఏప్రిల్ నెలాఖరుకు మూడో సంస్థకు అమ్మేందుకు బేరం సాగుతోందని జనవరి 20న తెలిసింది. జనవరి 23న కొనుగోలుదారు ఆర్బిట్రేషన్ నోటీసు ఇచ్చాడు. మార్చి 10న ట్రిబ్యునల్ ఏర్పడింది. మార్చి 12న మధ్యంతర ఉపశమనం కోసం దరఖాస్తు పడింది.

ఒప్పందంలోని వివాద పరిష్కార నిబంధన ఇలా ఉంది: వివాద నోటీసు అందిన నాటి నుంచి 30 రోజులు పక్షాలు చర్చలు జరపాలి, ఆ తర్వాత ఏ పక్షమైనా ఆర్బిట్రేషన్‌కు వెళ్లవచ్చు. నోటీసు జనవరి 9న అందింది కాబట్టి గడువు ఫిబ్రవరి 8న ముగుస్తుంది. వాది 14వ రోజునే ఆర్బిట్రేషన్ మొదలుపెట్టాడు. ప్రతివాది అభ్యంతరమంతా ఈ పదహారు రోజుల తేడా మీదే నిలబడి ఉంది.

ప్రతివాది ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు ఒక పొరపాటును తప్పించుకోవాలి. ఆర్బిట్రేటర్ నిష్పాక్షికతపై అనుమానంతో లేవనెత్తే అభ్యంతరం వేరు, ట్రిబ్యునల్ అధికారంపై అభ్యంతరం వేరు. మొదటిది మోడల్ లా 12, 13 అధికరణల కింద వస్తుంది, రెండోది 16 కింద. ‘ఆర్బిట్రేటర్‌ను సవాలు చేస్తున్నాం’ అని నోరు జారితే, ఎవరిపై, ఏ ఆధారంతో అని ప్రిసైడింగ్ ఆర్బిట్రేటర్ అడుగుతారు. ఆ గందరగోళం తేలేసరికి రెండు నిమిషాలు పోతాయి.

16వ అధికరణ ప్రకారం తన అధికార పరిధిపై తానే నిర్ణయించుకునే హక్కు ట్రిబ్యునల్‌కు ఉంది. అభ్యంతరం మాత్రం ప్రతివాద పత్రం దాఖలు చేసేలోపే లేవనెత్తాలి. ఆర్బిట్రేటర్ నియామకంలో పాలుపంచుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదని అదే అధికరణ చెబుతోంది. అయినా మధ్యంతర దరఖాస్తుకు జవాబిచ్చేటప్పుడు ‘అధికార పరిధిపై మా అభ్యంతరానికి భంగం లేకుండా’ అని ప్రతివాది మొదట్లోనే స్పష్టంగా చెప్పాలి. ఆ ఒక్క వాక్యం తర్వాత వచ్చే ప్రశ్నలను సగానికి తగ్గిస్తుంది.

ఇక అసలు వాదన. ‘పక్షాలు ఆర్బిట్రేషన్‌కు సమ్మతించాయి, కానీ 30 రోజుల తర్వాతే సమ్మతించాయి. సమ్మతి లేనిచోట అధికారం లేదు. అధికారం ఉందా లేదా అన్నది నోటీసు ఇచ్చిన రోజున చూడాలి, ఈ రోజున కాదు.’ దీనికి సింగపూర్ అప్పీలు కోర్టు 2013లో లుఫ్తాన్సా కేసులో ఇచ్చిన తీర్పు తోడుంటుంది. ఆర్బిట్రేషన్‌కు ముందు పూర్తిచేయాలని ఒప్పందంలో రాసుకున్న దశలను పాటించకపోతే ట్రిబ్యునల్‌కు అధికారం రాదని ఆ కోర్టు తేల్చింది.

‘మీరే ఒక్క డాలరు తగ్గమన్నారు కదా, ఇంకేం చర్చలు?’ అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. అది బేరంలో తొలి మాటే తప్ప చివరి మాట కాదని, ఒక్క ఇరవై అయిదు నిమిషాల కాల్‌ను ముప్పై రోజుల చర్చలతో సమానం చేయలేమని ప్రతివాది చెప్పాలి. ఆ మాటే అనలేదని బుకాయించడం ఆత్మహత్యా సదృశం. రికార్డులో ఉన్నదాన్ని కాదన్న వక్తను ఆ తర్వాత ఏ ఆర్బిట్రేటరూ నమ్మరు.

వాది జవాబు: అధికారమా, అర్హతా?

వాదికి అన్నిటికన్నా బలమైన ఆయుధం ఒక విభజన. వివాదాన్ని విచారించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందా అన్నది ఒక ప్రశ్న. ఆ క్లెయిమ్ ఈ దశలో విచారణకు అర్హమైనదా అన్నది మరో ప్రశ్న. వివాదాన్ని కోర్టులో కాక ఆర్బిట్రేషన్‌లోనే తేల్చుకోవాలని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. దాని మీద తగాదా లేదు. ‘ఇంకా వేళ కాలేదు’ అన్న అభ్యంతరం రెండో ప్రశ్నకు చెందినది. 2021లో సియెర్రా లియోన్ ప్రభుత్వం, ఎస్ఎల్ మైనింగ్ కేసులో ఇంగ్లండ్ హైకోర్టు ఇదే చెప్పింది. 2023లో ‘సి, డి’ కేసులో హాంకాంగ్ తుది అప్పీలు కోర్టు కూడా అదే దారి పట్టింది.

ఇది మాటల తేడా మాత్రమే కాదు. అధికార ప్రశ్న అయితే ట్రిబ్యునల్ ఇచ్చిన జవాబును కోర్టు మళ్లీ మొదటి నుంచీ పరిశీలించి, అవార్డును పక్కనపెట్టవచ్చు. అర్హత ప్రశ్న అయితే ట్రిబ్యునల్‌దే ఆఖరి మాట. క్లెయిమ్‌ను కొట్టివేయకుండా కొన్నాళ్లు ఆపి ఉంచే వెసులుబాటు కూడా ట్రిబ్యునల్‌కు ఉంటుంది. ఇక్కడ ఆ అవసరమూ లేదు. విచారణ నాటికి 30 రోజులు దాటిపోయాయి. ఇప్పుడు వెనక్కి పంపితే మళ్లీ అదే నోటీసు, మళ్లీ అదే ట్రిబ్యునల్, అదనంగా కొన్ని నెలల జాప్యం తప్ప ఒరిగేదేమీ లేదు.

లుఫ్తాన్సా తీర్పును దాచిపెట్టకూడదు. ఎదుటి జట్టు చెప్పకముందే వాది దాన్ని ప్రస్తావించి, అక్కడి నిబంధన ఎంత నిర్దిష్టంగా ఉందో చూపాలి. ఏ స్థాయి కమిటీ ముందుకు ముందు వెళ్లాలి, ఆ తర్వాత ఏ కమిటీ ముందుకు వెళ్లాలి అని అందులో మెట్లుమెట్లుగా రాసి ఉంది. ‘30 రోజులు చర్చలు జరపాలి’ అన్న ఒక్క వాక్యం ఆ కోవలోకి రాదని వాది వాదించవచ్చు.

ఇప్పుడు అసలు ఉచ్చు. ‘యంత్రాలు అమ్మేస్తారన్న భయం వల్లే 30 రోజులు ఆగలేకపోయాం’ అన్న వాదన వాదికి ఎంతో సహజంగా తోస్తుంది. తేదీలు చూస్తే అది నిలవదు. అమ్మకం ఏప్రిల్ నెలాఖరుకని జనవరి 20నే తెలుసు. ఫిబ్రవరి 8 దాకా ఆగినా రెండున్నర నెలలకు పైగా మిగిలేది. పైగా అంత అత్యవసరమైతే జనవరిలోనే కోర్టుకు ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్న వెంటనే పడుతుంది. ఆర్బిట్రేషన్‌కు ముందైనా, మధ్యలోనైనా కోర్టు నుంచి మధ్యంతర రక్షణ కోరవచ్చని మోడల్ లా 9వ అధికరణ చెబుతోంది. కాబట్టి 30 రోజుల విషయంలో వాది అత్యవసరాన్ని ఆశ్రయించకూడదు. అర్హత విభజన, ప్రతివాది స్వయంగా తలుపు మూసేయడం, గడువు ఇప్పటికే దాటిపోవడం, ఈ మూడింటి మీదే నిలబడాలి. అత్యవసరాన్ని మధ్యంతర ఉపశమనం కోసం దాచుకోవాలి. అక్కడ లెక్కలోకి వచ్చే తేదీ జనవరి 23 కాదు, మార్చి 12. ఏప్రిల్ నెలాఖరు అప్పటికి నిజంగానే దగ్గరపడింది.

మధ్యంతర ఉపశమనం: మూడు గడపలు

మోడల్ లా 17ఎ ప్రకారం దరఖాస్తుదారు మూడు విషయాల్లో ట్రిబ్యునల్‌ను ఒప్పించాలి. ఉత్తర్వు ఇవ్వకపోతే, నష్టపరిహారంతో తగినంతగా పూడ్చలేని హాని జరిగే అవకాశం ఉండాలి. ఆ హాని, ఉత్తర్వు వల్ల ఎదుటి పక్షానికి కలిగే హాని కన్నా గణనీయంగా ఎక్కువై ఉండాలి. అసలు వివాదంలో గెలిచేందుకు సహేతుకమైన అవకాశం ఉండాలి.

మొదటి గడప దగ్గరే చాలామంది తడబడతారు. ‘పూడ్చలేని హాని’ అనేసి, దాని అర్థం ఎప్పటికీ భర్తీ కాని నష్టం అన్నట్టు మాట్లాడతారు. చట్టంలోని మాట అంత కఠినం కాదు. పరిహారం తగినంతగా పూడుస్తుందా అన్నదే ప్రశ్న. ఈ సమస్యలో పోయిన లాభాన్ని లెక్కగట్టవచ్చు కదా అని ప్రతివాది అంటాడు. నిజమే. అందుకే వాది లాభం గురించి కాక, లెక్కకు అందని దాని గురించి మాట్లాడాలి. ఇంకో తయారీదారు అలాంటి యంత్రాలు చేయడానికి 14 నెలలు పడుతుందని, ఆగస్టులో మొదలుకావలసిన ప్రభుత్వ టీకా సరఫరా ఆగిపోతే తర్వాతి టెండర్లకు సంస్థ అనర్హమవుతుందని రికార్డులో ఉందనుకుందాం. ఆ అనర్హతకు ఖరీదు కట్టడం కష్టం. వాది నిలబడాల్సింది అక్కడే.

రెండో గడప దగ్గర అంకెలు మాట్లాడతాయి. యంత్రాలను నిల్వ ఉంచడానికి అమ్మకందారుకు నెలకు 40 వేల డాలర్లు ఖర్చు. తుది అవార్డుకు పది నెలలు పడితే 4 లక్షలు. మూడో సంస్థ ఇవ్వజూపిన ధర 9 లక్షలు ఎక్కువ. మొత్తం 13 లక్షలు. వాది దీన్ని కొట్టిపారేయకూడదు. ఒప్పందం నిలిస్తే ఆ 9 లక్షలు ఉల్లంఘన వల్ల వచ్చే లాభమే అవుతుంది, దాన్ని హానిగా లెక్కించలేం. వాది ఓడిపోతే మాత్రం అది నిజమైన నష్టం. దీనికి జవాబు 17ఇ అధికరణలో ఉంది. తగిన హామీ ఇవ్వాలని ట్రిబ్యునల్ దరఖాస్తుదారును ఆదేశించవచ్చు. ఉత్తర్వు ఇవ్వాల్సింది కాదని తర్వాత తేలితే ఆ నష్టానికి దరఖాస్తుదారే బాధ్యుడని 17జి చెబుతోంది. ‘13 లక్షల డాలర్ల వరకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వడానికి సిద్ధం’ అని వాది ముందే చెప్పగలిగితే బరువు తూగే దిశ మారుతుంది. ఇప్పటికే చెల్లించిన 40 లక్షలు ప్రతివాది చేతిలో ఉన్నాయని గుర్తుచేయవచ్చు. అది ధరలో భాగమే కానీ హామీ కాదని ప్రతివాది అంటాడు, అందులోనూ న్యాయముంది. అందుకే 40 లక్షల మాటను గ్యారంటీకి బదులుగా కాక, దానికి తోడుగా వాడటం మంచిది.

మూడో గడప దగ్గర తక్కువ మాట్లాడటమే మేలు. స్థిరమైన ధరకు ఒప్పందం ఉంది, సగం సొమ్ము చెల్లించారు, అంతర్జాతీయ సరుకుల విక్రయ ఒడంబడిక 46వ అధికరణ కింద ఒప్పందాన్ని నెరవేర్చమని అడిగే హక్కు కొనుగోలుదారుకు ఉంది. ఇంతవరకు చెబితే చాలు. ఉక్కు ధరలు బాధ్యత నుంచి తప్పిస్తాయా అన్నది సహచర వక్త అంశం. అందులోకి జారుకుంటే ఇద్దరూ ఒకే పొలం దున్నుతారు.

ఏం అడుగుతున్నామన్నది కూడా ముఖ్యమే. ‘యంత్రాలు అప్పగించమని ఆదేశించండి’ అని అడిగితే తుది అవార్డునే ముందుగా అడిగినట్టవుతుంది. ‘తుది అవార్డు వచ్చేదాకా లేదా ట్రిబ్యునల్ మరో ఉత్తర్వు ఇచ్చేదాకా ఈ నాలుగు యంత్రాలను మరొకరికి అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు, తరలించరాదు’ అని అడిగితే అది యథాతథ స్థితిని కాపాడమనడమే. 17వ అధికరణ నేరుగా గుర్తించిన ఉపశమనం అది.

రెండూ కలిసే చోట

అధికార పరిధి ఇంకా తేలకముందే ఉత్తర్వు ఎలా ఇస్తారు? ఈ పదిహేను నిమిషాల్లో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. 17ఎ పాఠంలో అధికార పరిధి ప్రస్తావన లేదు. అయినా పైకి కనిపించే మేరకు తమకు అధికారం ఉందో లేదో చూసుకున్నాకే ట్రిబ్యునళ్లు మధ్యంతర ఉత్తర్వు ఇస్తాయి. ‘ఈ దశలో ప్రాథమికంగా చూస్తే చాలు, ఆర్బిట్రేషన్ నిబంధన ఉందన్నది వివాదమే కాదు’ అన్నది వాది జవాబు. ఇక్కడితో ఆగిపోతే అధికార పరిధిపై తన వాదన బలహీనమని తానే ఒప్పుకున్నట్టు ధ్వనిస్తుంది. ‘పూర్తిగా పరిశీలించినా మీకు అధికారం ఉంది, మధ్యంతర ఉత్తర్వుకు అంత పరిశీలన కూడా అక్కర్లేదు’ అన్న వరుసలో చెబితే ఆ ధ్వని పోతుంది.

ఇందులో నిజంగా ఏం పణంగా ఉంటుందో అమెజాన్, ఫ్యూచర్ వివాదం చూపింది. సింగపూర్ కేంద్రం నియమించిన అత్యవసర ఆర్బిట్రేటర్ 2020 అక్టోబరు 25న ఫ్యూచర్ రిటైల్ ఆస్తుల అమ్మకాన్ని ఆపుతూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చారు. తాము ఆ ఆర్బిట్రేషన్ ఒప్పందంలో పక్షమే కాదని ఫ్యూచర్ రిటైల్ వాదించింది. ఆ ఉత్తర్వు మన చట్టంలోని సెక్షన్ 17 కిందకే వస్తుందని, అమలు చేయదగినదేనని సుప్రీంకోర్టు 2021 ఆగస్టు 6న తేల్చింది. అధికార పరిధిపై అభ్యంతరాన్ని పూర్తిస్థాయి ట్రిబ్యునల్ 2021 అక్టోబరులో తోసిపుచ్చింది. కానీ 2022 మొదట్లో ఫ్యూచర్ దుకాణాలు చాలావరకు రిలయన్స్ చేతికి వెళ్లాయి. అధికార ప్రశ్నపై పక్షాలు తలపడుతుండగానే వివాదంలోని ఆస్తి కరిగిపోవచ్చని, చేతిలో ఉత్తర్వు ఉన్నా అమలు ఆలస్యమైతే మిగిలేది కాగితమేనని ఆ ఉదంతం చెబుతోంది.

వాదన గాడి తప్పిందని ఎలా తెలుస్తుంది?

ఒకే అంశంపై ఆర్బిట్రేటర్ మూడోసారి ప్రశ్న వేస్తే, వక్త జవాబివ్వకుండా తన పాఠం చదువుతున్నాడని అర్థం. ‘అవును’ లేదా ‘కాదు’ అని ముందు చెప్పి, కారణం తర్వాత చెప్పడమే దీనికి మందు. ‘మీరు కోర్టుకు వెళ్లారా?’ అన్న ప్రశ్నకు ‘లేదు. వెళ్లాలని 9వ అధికరణ బలవంతం చేయదు’ అన్నది జవాబు. ‘ఆ విషయానికి తర్వాత వస్తాను’ అన్నది జవాబు కాదు.

భారత జట్లలో మరో రెండు పొరపాట్లు సులభంగా దొర్లుతాయి. మొదటిది సెక్షన్ 16ను మోడల్ లాగా చదవడం. తనకు అధికారం ఉందని ట్రిబ్యునల్ ప్రాథమిక నిర్ణయం ఇస్తే, 30 రోజుల్లో కోర్టును ఆశ్రయించే వీలు మోడల్ లా ఇస్తుంది. మన చట్టంలో తుది అవార్డు వచ్చాక సెక్షన్ 34 కింద సవాలు చేయాల్సిందే. డాన్యూబియా చట్టంపై వాదిస్తూ భారత పద్ధతి చెబితే మొత్తం వ్యూహమే తప్పుతుంది. రెండోది ఆర్బిట్రేటర్లను ‘మై లార్డ్’ అని పిలవడం. ఇది కోర్టు కాదు. ‘మిస్టర్ ప్రెసిడెంట్’, ‘మేడమ్ ఆర్బిట్రేటర్’, ‘ట్రిబ్యునల్ సభ్యులారా’ అంటే సరిపోతుంది.

సమయం విషయానికొస్తే, పదిహేను నిమిషాల్లో అధికార పరిధికి ఆరు, మధ్యంతర ఉపశమనానికి ఏడు, ప్రతి జవాబుకు రెండు చొప్పున పెట్టుకోవడం ఈ సమస్యకు సరిపోయే విభజన. ప్రశ్నలు ఆ లెక్కను తప్పించడం ఖాయం. అప్పుడు వదిలేయాల్సినవి ఏవో వాది ముందే నిర్ణయించుకోవాలి. గెలుపు అవకాశాల వివరణను వదిలేయవచ్చు. బ్యాంకు గ్యారంటీ ప్రతిపాదనను, అడుగుతున్న ఉత్తర్వులోని మాటలను మాత్రం వదలకూడదు. చివరికి ట్రిబ్యునల్ రాసుకోవాల్సింది ఆ రెండే.